సజ్జల్లో నల్లటి పొడుగు గింజలు, రొట్టె తిన్నాక వాంతులు, రోజంతా మగత: ఏంటివి?

బ్రాడీపేట_పద్మ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల వినుకొండ వైపు చుట్టాల ఇంటికి వెళ్ళి వస్తూ దారిలో ఒక వ్యాపారి దగ్గర 25 కిలోల సజ్జలు తీసుకున్నాం. కొత్త పంట, ధర కూడా తక్కువే పడింది. ఐదు కిలోలు మరలో పట్టించి బుధవారం రాత్రి రొట్టెలు చేశాను. నేనూ మా అత్తగారూ చెరి రెండు తిన్నాం. మా ఆయన ఎప్పట్లాగే అన్నమే తిన్నారు.

గంటన్నర గడిచిందో లేదో నాకు తల తిరగడం మొదలైంది. ఆ తర్వాత వాంతులు. అత్తగారికీ అంతే. వాంతులు తగ్గాక ఇద్దరం పడుకుంటే నాకు మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గాని మెలకువ రాలేదు. ఆవిడ సాయంత్రం దాకా కళ్ళు తెరవలేకపోయారు. డాక్టరు ఫుడ్ పాయిజనింగ్ అని సెలైన్ పెట్టి పంపించారు. ఇప్పుడు ఇద్దరం బాగానే ఉన్నాం.

ఇవాళ మిగిలిన సజ్జలు చేటలో పోసి చూస్తే సజ్జ గింజ కంటే పొడుగ్గా, నల్లగా, వంకరటింకరగా ఉన్నవి చాలా కనిపించాయి. ఇవేనా కారణం? బస్తా మొత్తం పారేయాలా? ఇంకో భయం: వారం కిందట ఇందులోంచే ఒక సంచి కొల్లిపరలో అమ్మావాళ్ళ గేదెకి పంపాను. చూడి గేదె, నెల నిండింది. అమ్మ రోజూ శేరు ఉడకబెట్టి పెడుతోందట.

సూర్యం_బాబాయ్ | 9:52

అమ్మా, అవి ఎలక పెంటికలు. మా చిన్నప్పుడు ప్రతి గాదెలోనూ ఉండేవి. కడుక్కుని తిన్నాం, ఏమీ కాలేదు. ఆ పిండికి పురుగుల మందు తగిలి ఉంటుంది, చూసుకోండి.

బెజవాడ_కిరణ్ | 9:58

బాబాయ్ గారూ, ఇది ఎర్గాట్! నెట్‌లో చదివాను. మధ్యయుగాల్లో యూరప్‌లో ఊళ్ళకు ఊళ్ళు ఇలాగే పోయాయి. సెయింట్ ఆంటోనీ అగ్ని అనేవాళ్ళు. కాళ్ళూ చేతులూ నల్లబడి ఊడిపోయేవి. ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు వచ్చింది కూడా దీన్నుంచే. పద్మగారూ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? వెంటనే పెద్ద ఆస్పత్రికి వెళ్ళండి, ఆలస్యం చేస్తే కాళ్ళు తీసేస్తారు.

బ్రాడీపేట_పద్మ | 10:03

అయ్యో కిరణ్, నన్ను చంపేసేలా ఉన్నావు. తిమ్మిరి ఏమీ లేదు. అత్తగారికి ఎప్పుడూ ఉండే మోకాళ్ళ నొప్పే.

లాం_పాతమనిషి | 10:31

పద్మగారూ, కంగారు పడకండి. ముందు ఒక పని చేయండి. ఆ నల్లవాటిలో నాలుగు తీసి రెండు వేళ్ళ మధ్య గోటితో విరవండి. ఇంకో నాలుగు గ్లాసు నీళ్ళలో వేసి పావుగంట ఉంచండి. ఏమైందో రాయండి. మామూలు సజ్జ గింజకూ దానికీ పొడుగులో తేడా ఎంతుందో కూడా చెప్పండి.

బ్రాడీపేట_పద్మ | 10:55

చేశాను. గట్టిగానే ఉన్నాయి గానీ పుటుక్కున విరిగాయి. లోపల నలుపు లేదు, మాసిన తెలుపు. సజ్జ గింజ కంటే ఒకటిన్నర రెట్లు పొడుగు. కొన్నిటి కొస విరిగిపోయి ఉంది. నీళ్ళలో వేసినవి కరగలేదు, మెత్తబడనూ లేదు. రెండు తేలుతున్నాయి, రెండు మునిగాయి.

లాం_పాతమనిషి | 11:20

అయితే ఎలక పెంటికలు కావు. అవైతే నీళ్ళలో మెత్తబడి చిదికిపోతాయి. కాటుక తెగులూ కాదు. కాటుక పట్టిన గింజ గుండ్రంగా ఉబ్బి, నొక్కితే నల్లటి పొడి రాలుతుంది. మీరు చెప్పింది తేనెబంక తెగులు తాలూకు బూజు గడ్డ. కిరణ్ పేరు సరిగ్గానే చెప్పాడు, ఎర్గాటే. కథ మాత్రం వేరే పంటది చెప్పాడు.

యూరప్‌లో కాళ్ళూ చేతులూ ఊడగొట్టింది రై అనే ధాన్యం మీద వచ్చే శిలీంధ్రం, క్లావిసెప్స్ పర్‌పూరియా. దాని విషం రక్తనాళాల్ని బిగదీస్తుంది. కొసలకు రక్తం అందక వేళ్ళు ఎండిపోతాయి. మన సజ్జకు పట్టేది దాని దాయాది, క్లావిసెప్స్ ఫ్యూసిఫార్మిస్. ఇంటిపేరు ఒకటే గానీ విషం వేరు. ఇందులో ముఖ్యమైనది అగ్రోక్లావిన్, దాని జాతివే ఇంకొన్ని. ఇవి రక్తనాళాల జోలికి పెద్దగా పోవు. కడుపులో తిప్పడం, వాంతులు, తల తిరగడం, ఆ తర్వాత విడవని మగత, ఇదీ వరస. 1975లో రాజస్థాన్ పల్లెల్లో సజ్జ రొట్టెలు తిన్నవాళ్ళకు ఇలాగే అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు వెళ్ళి చూశారు. తిన్న గంట రెండు గంటల్లో మొదలైంది, ఒకటి రెండు రోజుల్లో కోలుకున్నారు. మీ గంటన్నర, మర్నాటి నిద్ర దానికి అతికినట్టు సరిపోతున్నాయి.

మీ డాక్టరుకు మాత్రం ఈ గింజలు ఒకసారి చూపించండి. నేను పంటల తెగుళ్ళు చూసినవాణ్ణి, మనుషుల డాక్టర్ని కాను.

దర్శి_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 6:15

పెద్దాయన చెప్పింది నిజం. మా చేలో రెండేళ్ళ కిందట వచ్చింది. సరిగ్గా కంకి పూతకొచ్చినప్పుడు నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజో ఆరో రోజో పొద్దున్నే వెళ్ళి చూస్తే కంకుల మీద లేత గులాబీ రంగు చుక్కలు, తేనె బొట్లలాగా. వేలితో ముట్టుకుంటే సాగింది. చీమలూ ఈగలూ ఒకటే ముసురుకున్నాయి. మా నాన్న చూడగానే "తేనె కారిందిరా, ఇక గింజ లేదు" అన్నాడు. ఆ బొట్లు ఎండి నల్లబడి, గింజ ఉండాల్సిన చోట ఈ కొమ్ముల్లాంటివి పుట్టుకొచ్చాయి. నూర్పిడిలో సజ్జతోపాటే రాలతాయి. జల్లెడ పడితే పొడుగువి కొన్ని పోతాయి, విరిగినవి గింజలోనే ఉండిపోతాయి.

విత్తనానికి మేం రెండు శాతం ఉప్పు నీళ్ళలో వేసి తేలినవి తీసేస్తాం. లీటరుకు 20 గ్రాముల ఉప్పు. అక్కా, మీరూ అలా చేయండి.

నూజివీడు_కోళ్ళఫారం | 7:02

ఇదంతా తేమ సమస్య. మొక్కజొన్నలో మాకు ప్రతి ఏడాదీ ఇదే గోల. తేమ 14 శాతం దాటితే బూజు, బూజు పట్టిందంటే ఆఫ్లాటాక్సిన్. రెండు రోజులు బాగా ఎండబెట్టండి, దాణాలో టాక్సిన్ బైండర్ కలపండి, సరిపోతుంది. పోయిన వానాకాలం నాకు ఒక బ్యాచ్‌లో గుడ్లు సగానికి పడిపోయాయి, కోసి చూస్తే లివర్లు పసుప్పచ్చగా సున్నం కొట్టినట్టు ఉన్నాయి. మొక్కజొన్న అమ్మినవాడు నాది కాదు పొమ్మన్నాడు. ఆ కథ చెప్పుకుంటే రామాయణం.

లాం_పాతమనిషి | 8:10

కోళ్ళఫారం గారూ, మీ నష్టం నాకు అర్థమైంది గానీ ఇది ఆ బూజు కాదు. మీ మొక్కజొన్నలో ఆస్పర్జిల్లస్ బూజు చేలో పట్టినా, గోడౌన్‌లో తేమ దొరికితే రోజురోజుకూ పెరుగుతుంది. అందుకే ఎండబెట్టడం దానికి పనికొస్తుంది. అదీ కొత్తగా పెరగకుండా ఆపడానికే, అప్పటికే గింజలో చేరిన విషాన్ని ఎండ తీసెయ్యదు. ఎర్గాట్ సంగతి పూర్తిగా వేరు. పూత రోజుల్లో చేలో పడుతుంది, గడ్డ కట్టాక కథ ముగిసినట్టే. బస్తాలో ఒక్క గింజకు కూడా కొత్తగా అంటుకోదు. పద్మగారు పదిరోజులు ఎండబెట్టినా ఇవాళ ఉన్నది అంతే ఉంటుంది. ఆఫ్లాటాక్సిన్‌కి అమ్మే బంకమట్టి బైండర్లను నమ్ముకుని దీన్ని మేపడం కూడా నేను ఒప్పుకోను.

ఇందులో ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. ఆఫ్లాటాక్సిన్ పట్టిన గింజ పైకి శుభ్రంగా కనిపించినా లోపల విషం ఉండొచ్చు. ఎర్గాట్ విషం మాత్రం దాదాపుగా ఆ నల్ల గడ్డలోనే ఉంటుంది, గడ్డ తీసేస్తే విషం చాలావరకు పోయినట్టే. అది సుఖం. కష్టం ఏమిటంటే, మర పట్టించాక ఇక ఎవరి వల్లా కాదు. పద్మగారూ, ఆ మిగిలిన పిండి పారేయండి. కాల్చినంత మాత్రాన రొట్టె సురక్షితం కాదని మీకు బుధవారమే తెలిసింది.

గింజ మాత్రం తొందరపడి పారేయకండి. వంద గ్రాములు కచ్చితంగా తూచి, నల్లవి ఏరి, వాటినీ తూయించండి. వంటింటి కాటాలో తేలదు, బంగారం కొట్టు కాటా కావాలి.

బెజవాడ_కిరణ్ | 8:25

సరే, కాళ్ళ సంగతి వెనక్కి తీసుకుంటున్నా. ఎల్‌ఎస్‌డి సంగతి మాత్రం నిజమే కదా సార్?

లాం_పాతమనిషి | 8:33

నిజమే. ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎర్గాట్ రసాయనాల మీద పనిచేస్తూ తయారుచేశాడు. గడ్డలో అది యథాతథంగా ఉండదు. ఎవరూ సజ్జలు కొనడానికి పరిగెత్తక్కర్లేదు.

సిస్టర్_మేరీ | 9:05

నేను ప్రసూతి వార్డులో ఇరవై ఏళ్ళు చేశాను. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మెథర్జిన్ ఇంజెక్షన్ మూలం కూడా ఈ ఎర్గాట్ కుటుంబమే. బీపీ ఉన్నవాళ్ళకు అది ఇవ్వం, కాన్పు కాకముందు అసలే ఇవ్వం. సజ్జలో విషం వేరని పెద్దాయన చెప్పారు, బాగుంది. అయినా మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు గానీ పాలిచ్చే తల్లి గానీ ఉంటే ఆ బస్తా జోలికే పోనివ్వకండి, ఏరినా సరే.

డాక్టర్_పశుబంధు | 11:40

గేదె సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నాకు అదే ముఖ్యంగా కనిపిస్తోంది. పద్మగారూ, అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి సజ్జలు ఆపించండి. ఉడకబెట్టినా లాభం లేదు.

ఎందుకంటే ఈ విషం పొదుగులో పాలు పుట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అణిచేస్తుంది. ఇది మొదట బాగా బయటపడింది ఆఫ్రికాలో, ఇప్పటి జింబాబ్వేలో. సజ్జ ఎర్గాట్ కలిసిన దాణా తిన్న పందులు ఈనాయి గానీ పొదుగు చేయలేదు, పాలు లేక పిల్లలు చచ్చిపోయాయి. తల్లి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, అదే చిక్కు. జొన్నకు పట్టే ఎర్గాట్ 1996లో ఆస్ట్రేలియాలో కనిపించాక అక్కడ కూడా పందుల్లో పాలు ఎండిపోయాయి, మేపుడు పశువులు ఎండకు తట్టుకోలేక రొప్పాయి.

గేదె పంది కాదు. పాలు పడ్డాక ఆవుల్లో, గేదెల్లో ఈ హార్మోన్ తగ్గినా అంత తేడా రాకపోవచ్చు. కానీ ఈనడానికి ముందు, పొదుగు చేసే ఆ రెండు మూడు వారాలు మాత్రం గట్టి రోజులు. మీ గేదె సరిగ్గా అక్కడే ఉంది. మేత ఆపితే చాలాసార్లు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఈనాక జున్నుపాలు ఎన్ని వస్తున్నాయో చూడమనండి. చాలకపోతే పక్క ఇంట్లో ఈనిన గేదె జున్నుపాలైనా దూడకు మొదటి గంటల్లో పట్టాలి.

తెనాలి_సుబ్బలక్ష్మి | 12:30

డాక్టరుగారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు సజ్జలు లేవు, వరిగడ్డే. తుపాను వానకు వామి తడిసింది. ఆ గడ్డే మేపాం. ఇప్పుడు రెండు గేదెలకు తోక కొస ఎండిపోయి గట్టిగా కట్టెలా అయింది, ఒకదానికి చెవి కొసలు కూడా. కాలి గిట్టల పైన పుండు పడింది. ఇదీ ఎర్గాటేనా? కిరణ్ చెప్పిన ఆంటోనీ ఏదో అది మా గేదెకు వచ్చిందా?

డాక్టర్_పశుబంధు | 1:15

సుబ్బలక్ష్మిగారూ, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ వరిగడ్డిలో ఎర్గాట్ అని నేను అనను. పంజాబు వైపు చలికాలంలో బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు ఇలా తోకలు, చెవులు, గిట్టలు కుళ్ళుతాయి. డెగ్నాలా జబ్బు అంటారు. ఎక్కువమంది ఫ్యూసేరియం బూజుల్ని తప్పుపడతారు, సెలీనియం ఎక్కువై వస్తుందనేవాళ్ళూ ఉన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. మీవాటికి అదేనని ఫోన్లో ఫొటో చూసి కూడా చెప్పలేను. గడ్డి మాత్రం ఇవాళే మార్చండి. నల్లబడిన పొరలు, దులిపితే పొగలా లేచే పొరలు పెంటకుప్పలోకే. మీ ఊరి పశువుల ఆస్పత్రి నుంచి ఎవరినైనా పిలిచి పుండ్లు చూపించండి. వేరే చర్చ మొదలుపెట్టి ఫొటోలు పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

బ్రాడీపేట_పద్మ | సోమవారం మధ్యాహ్నం 3:20

అమ్మకు నిన్ననే చెప్పాను, ఆపేసింది. ఇవాళ బంగారం కొట్టుకు వెళ్ళాను. ముందు నవ్వారు, తర్వాత కొట్టాయనే కుతూహలంగా తూచి ఇచ్చారు. బస్తాలో పైన, మధ్యన, అడుగున పిడికెడు పిడికెడు తీసి కలిపి, అందులోంచి 100 గ్రాములు తూచుకున్నా. అందులో నల్లవి 61. వాటి బరువు 0.48 గ్రాములు. ఎక్కువా తక్కువా?

లాం_పాతమనిషి | 4:05

మూడు చోట్ల నుంచి తీయడం చాలా మంచి పని చేశారు. మన ఆహార ప్రమాణాల ప్రకారం సజ్జల్లో ఎర్గాట్ గింజలు బరువులో 0.05 శాతం మించకూడదు. అంటే కిలోకు అర గ్రాము. మీవాటిలో 100 గ్రాములకే 0.48, అంటే కిలోకు దాదాపు 5 గ్రాములు. హద్దుకు పదింతలు దగ్గర దగ్గర. రెండు రొట్టెలకు 120 గ్రాముల పిండి అనుకుంటే మీ కడుపులోకి అర గ్రాముకు పైగా గడ్డలే వెళ్ళాయి.

ఇక ఉప్పు నీళ్ళు. దర్శి బాబు చెప్పిన రెండు శాతం నాకు చాలదనిపిస్తుంది. మీరు మంచినీళ్ళలో వేసినప్పుడే నాలుగింటిలో రెండు మునిగాయి. తమిళనాడు వాళ్ళు విత్తనానికి 10 లీటర్లకు కిలో ఉప్పు అంటారు. పాత ప్రయోగాల్లో 20 శాతం దాకా వాడారు. నీళ్ళు ఎంత బరువెక్కితే గడ్డ అంత బాగా తేలుతుంది.

దర్శి_రైతుబిడ్డ | 4:40

సార్, మా దగ్గర రెండు శాతమే చెప్తారు, కరపత్రంలో కూడా అంతే. కిలో ఉప్పు వేస్తే మంచి విత్తనంలో తాలూ బోలూ కూడా సగం తేలిపోతుంది, మొలక తగ్గుతుందని భయం.

సూర్యం_బాబాయ్ | 5:10

వరి విత్తనానికి మా నాయన ఏం చేసేవాడంటే, గంగాళంలో ఉప్పు వేసి కలుపుతూ కోడిగుడ్డు వదిలేవాడు. గుడ్డు పైకి తేలి పావలా బిళ్ళంత మేర కనపడితే అప్పుడు చాలు. శాతాలూ గీతాలూ మాకు తెలియవు. (పెంటికలన్న మాట వాపసు.)

లాం_పాతమనిషి | 5:25

బాబాయ్ గారూ, ఆ గుడ్డు తేలే చోటు ఇంచుమించు ఆ పది శాతం దగ్గరే. రెండు శాతంలో తాజా గుడ్డు అడుక్కి పోతుంది. దర్శి బాబు భయం విత్తనం విషయంలో సబబే. తినే గింజకైతే తాలు పోతే పోనివ్వండి.

బ్రాడీపేట_పద్మ | బుధవారం రాత్రి 8:50

చేశాను. 10 లీటర్ల నీళ్ళలో కిలో ఉప్పు, గుడ్డు తేలింది. రెండు కిలోల సజ్జలు పోసి చేత్తో కలిపితే నల్లవి, తాలు, పొట్టు పైకి వచ్చాయి. చిల్లుల గరిటెతో తీశాను. మొదటి వాయిలో ఫోన్ వస్తే మాట్లాడుతూ ఓ పావుగంట వదిలేశా, తిరిగి వచ్చేసరికి తేలినవాటిలో కొన్ని మళ్ళీ మునిగాయి. రెండో వాయికి వెంటవెంటనే తీసేశా. మూడు నీళ్ళు మార్చి కడిగి డాబా మీద పల్చగా ఆరబోశా, రెండెండలకు పళ్ళ కింద టక్కుమంది.

మళ్ళీ 100 గ్రాములు ఏరితే మొదటి వాయిలో 14, రెండో వాయిలో 5. ఐదింటి బరువు కొట్టాయన కాటాలో 0.04 చూపించింది.

లాం_పాతమనిషి | 9:15

నానితే నీళ్ళు పీల్చుకుని మునుగుతాయి, అందుకే వేగంగా తీయాలి. రెండో వాయి హద్దు లోపలికి వచ్చింది, అయితే అంచునే ఉంది. ఇంకోసారి ముంచి, మిగిలినవి చేటలో చేత్తో ఏరితే తినొచ్చని నా లెక్క. తేలినవి కోళ్ళకూ గేదెలకూ వేయకండి, విత్తే చేనుకు దూరంగా లోతుగా పూడ్చండి.

సిస్టర్_మేరీ | 9:30

నేనైతే తినను. 25 కిలోలకు ఇంత చాకిరీ, ఇంత ఉప్పు, మళ్ళీ మనసులో అనుమానం. అమ్మినాయనకు తిరిగి ఇచ్చేయండి.

బ్రాడీపేట_పద్మ | 9:48

మా ఆయన అదే అన్నారు, ఫోన్ చేశారు కూడా. ఆ వ్యాపారి "సజ్జల్లో నల్లవి మామూలే, మీరు టౌనోళ్ళు" అన్నాడట. 61 గింజలు పొట్లం కట్టి ఆహార తనిఖీ అధికారికి ఇద్దామా అని ఆలోచిస్తున్నాం. మిగతావన్నీ లెక్క పెట్టుకుని రోజుకో రెండు కిలోలు కడగడం నాకైతే ఓపిక లేదు. అత్తగారు మాత్రం పారేయడానికి ఒప్పుకోవడం లేదు, రేపటి నుంచి తనే ఏరతానని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

బ్రాడీపేట_పద్మ | తర్వాతి మంగళవారం ఉదయం 7:25

గేదె ఆదివారం తెల్లవారుజామున ఈనింది. పెయ్యదూడ. మొదటి రోజు జున్నుపాలు గిన్నెడే వచ్చాయట, పోయిన ఈతలో తపేలా నిండిందని అమ్మ అంటోంది. డాక్టరుగారు చెప్పినట్టు పక్కింటి నుంచి తెచ్చి దూడకు పట్టారు. నిన్న సాయంత్రానికి పొదుగు బిగిసి రెండు లీటర్లు ఇచ్చింది. ఇది సజ్జల వల్లేనా, దానికిది నాలుగో ఈత కాబట్టా?

డాక్టర్_పశుబంధు | 8:10

రెండూ కావచ్చు. సజ్జలు ఆపిన ఏడో రోజుకు ఈనింది కాబట్టి నాకు సజ్జల మీదే అనుమానం, కానీ ఒక్క గేదెను పట్టుకుని తేల్చలేం. ఈ వారం పూటపూటా కొలత రాసి పెట్టమనండి.